చచ్చి బతికిన కిషన్ షత్రంజీస్

మా వరంగల్లో ‘ప్రైవేట్ లిమిటెడ్’ అనే మాటను బోర్డు మీద అందం కోసం రాయించుకునేవాళ్ళే ఎక్కువ. అది పెట్టుకున్న నాటినుంచి కంపెనీ వేరు, తాను వేరు అన్న సంగతి ఒక్కడికీ తలకెక్కదు. నేను ముప్ఫై ఏళ్ళుగా ఆడిటరును. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది తప్ప విన్నవాడు లేడు. అట్లా వినని వాళ్ళందరిలోకీ పెద్దమనిషి కిషన్ రావు గారు. ఆయన మంచివాడు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి.

ఎనభై నాలుగులో, ఎండలు ముదిరిన రోజుల్లో, చౌరస్తాలోని మా ఆఫీసు మెట్లెక్కి ఖతీజాబీ వచ్చింది. వెనుక మొగిలయ్య. ఇద్దరూ ఒకప్పుడు కిషన్ రావు గారి కంపెనీలో షత్రంజీలు, అంటే జంపఖానాలు, నేసినవాళ్ళే. ఆమెకు భర్త లేడు. మొగిలయ్యకు చూపు సగమే ఉంది. ఖిలా వరంగల్ దారిలో, మూతపడ్డ కార్ఖానా వెనకాల, నాలుగు నేతగాళ్ళ ఇళ్ళున్నాయి. అందులో రెండు వీళ్ళవి. ఇంట్లోనే మగ్గం, మగ్గం పక్కనే పొయ్యి.

ఆమె కొంగు ముడి విప్పి తహసీల్ ఆఫీసు కాగితం తీసి నా బల్లమీద పెట్టింది.

“జర సదువుండ్రి ఆడిటర్ సాబ్. మొన్న అతికిచ్చి పోయిండ్రు. ఇల్లు ఖాళీ చెయ్యాల్నట.”

చదివాను. ఆ భూమి ‘కిషన్ షత్రంజీస్ ప్రైవేట్ లిమిటెడ్’ పేర ఉన్నదట. ఆ కంపెనీ పేరు రిజిస్టరులోంచి కొట్టివేయబడి, కంపెనీ రద్దయిపోయిందట. యజమాని లేని ఆస్తి సర్కారుకు చెందుతుంది కనుక, అందులో ఉన్నవాళ్ళు ఎందుకు ఖాళీ చేయకూడదో చెప్పుకోవాలట. కిందికి చూస్తే సంగతి తెలిసింది. ధాన్యం గోదాముకు జాగా వెతుకుతూ సర్వేయరు రికార్డు తీశాడు. రికార్డులో కంపెనీ పేరుంది. కంపెనీ ఎక్కడని హైదరాబాదులో కంపెనీల రిజిస్ట్రారుకు రాస్తే, అట్లాంటిది ఇప్పుడు లేదు, ఎనభైలోనే పేరు కొట్టేశామని జవాబు వచ్చింది. గోదాము వాళ్ళకు పండగ.

“ఖతీజాబీ, మీ కంపెనీ చచ్చిపోయింది” అన్నాను.

“మూతబడ్డది ఎర్కనే గద సాబ్. డెబ్బై ఐదుల.”

“మూతబడుడు వేరు, చచ్చుడు వేరు. మూతబడ్డది నిద్రపోయినట్టు. పని లేకున్నా ఏడాదికోసారి రెండు కాగితాలు రిజిస్ట్రారుకు పంపుతుంటే ఎన్నేళ్ళయినా పండుకొనే ఉంటది. పంపకపోతే ఆయన ఉత్తరం రాస్తడు, ఉన్నవా లేవా అని. లేనంటే గెజెట్ల వేసి, మూడు నెలలు చూసి, ఎవరూ అడ్డం రాకపోతే పేరు కొట్టేస్తడు. మళ్ళా గెజెట్ల వేస్తడు. ఆ దినం చచ్చినట్టు.”

మొగిలయ్య తల గోక్కున్నాడు. “మరి మాకు చావు కబురు చెప్పకపాయిరి?”

“గెజెట్ల వేసిండ్రు గదా.”

“అదెవరు సదువుతరు?”

నిజం చెప్పాలంటే నేను కూడా చదవను. ఆ మాట వాళ్ళకు చెప్పలేదు.

“సచ్చినోళ్ళ ఆస్తి బిడ్డలకో తమ్ములకో పోతది. సర్కారుకెట్ల పోతది సాబ్?” అని అడిగింది ఖతీజాబీ.

“కంపెనీకి బిడ్డలుండరమ్మా. అది సంతానం లేని ముసలి. సర్కారే వారసుడు.”

అప్పుడామె తన దగ్గర కాగితం ఉందంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. చూస్తే సాదా బైనామా. మా దిక్కు భూములు సగం ఆ తెల్లకాగితాల మీదే చేతులు మారాయి. స్టాంపు లేదు, రిజిస్ట్రీ లేదు, నమ్మకమే ముద్ర. ‘కార్ఖానా మూసినందున మీకు ముట్టవలసిన దానికి బదులు ఈ జాగా ఇచ్చినాను. సూర్యచంద్రులున్నంత కాలం అనుభవించగలరు. కిషన్ రావు.’ అంతే. కంపెనీ ముద్ర లేదు, డైరెక్టరు అన్న మాట లేదు. కంపెనీ భూమిని కిషన్ రావు తన సొంత సంతకంతో ఇచ్చేశాడు, పొరుగువాడి బర్రెను దానం చేసినట్టు.

“కాగిదమొక్కటే గాదు సాబ్” అంది ఆమె, నా మొహం చూసి. “ఆ దినం దొర మమ్మల్నందర్ని నిలవెట్టి, ఒక్కొక్కలకు ఆ జాగల మన్ను తీసి దోసిట్ల పోసిండు. ‘ఇగ ఇది నాది గాదు, మీది’ అన్నడు. మా ఆయన ఆ మన్ను కింద పడనియ్యలే. మగ్గం గుంత అంచుకు మెత్తిండు.”

దోసిట్లో పోసిన మన్నును ఏ కోర్టు చూస్తుంది? అయినా ఆమె మొహంలో ఆ రోజు గర్వం ఇంకా అట్లాగే ఉంది. ఏ కాగితం మీదా వేలు పెట్టవద్దని చెప్పి, ఆ సాయంత్రమే హన్మకొండ వెళ్ళాను.

కిషన్ రావు గారు వరండాలో పడక కుర్చీలో ఉన్నారు. డెబ్బై దాటాయి, చక్కెర జబ్బుతో కాళ్ళు వాచాయి. నా చేతిలోని నోటీసు చదివి కళ్ళద్దాలు తీసేశారు.

“అదేందయ్య వెంకట్రాజం? ఆ జాగ వాళ్ళది. నేను ఇచ్చేసిన.”

“మీరిచ్చిండ్రు రావు సాబ్. కంపెనీ ఇయ్యలే.”

“కంపెనీ ఎవరు? నేనే గద!”

ఇదిగో, ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. అయినా తమాయించుకుని, రిజిస్ట్రారు ఉత్తరం వచ్చినప్పుడు ఏం చేశారని అడిగాను. డెబ్బై తొమ్మిదిలో వచ్చిందట. కంపెనీ నడవడం లేదని జవాబిచ్చి, పేరు కొట్టేయమని తామే రాశారట. హైదరాబాదులో ఎవరో తయారుచేసిన అఫిడవిట్ మీద ఆయనా, ఆయన బావమరిదీ సంతకాలు చేశారు. బావమరిది తర్వాత పోయాడు. అఫిడవిట్ నకలు ఆయన దగ్గరే ఉంది. తీయించి చూశాను. ‘కంపెనీకి ఎట్టి ఆస్తులు గాని, అప్పులు గాని లేవని ప్రమాణపూర్వకముగా’ అని ఉంది.

“రావు సాబ్, అప్పటికి కార్ఖానా వెనుక భూమి కంపెనీ పేర్నే ఉండె గదా. ఏమీ లేదని ఎట్ల రాసిండ్రు?”

“ఇచ్చేసిన సొమ్మును ఉన్నదని ఎట్ల రాస్తనయ్య?” అని ఆయన నావైపు జాలిగా చూశారు. “దానం జేసిందాన్ని నాదని ప్రమాణం జెయ్యాల్నా? అంత పాపిష్టోన్ననుకున్నవా?”

అప్పుడు అర్థమయింది నాకు. ఈయన అబద్ధం ఆడలేదు. ఇచ్చిన మాట మీద నిలబడి నిజమే రాశాడు. ఆ నిజమే నాలుగు కొంపల మీదికి వచ్చింది. భూమి ఉందని ఒక్క ముక్క రాసి ఉంటే రిజిస్ట్రారు ఊరుకునేవాడు కాదు. ముందు దాని సంగతి తేల్చుకు రమ్మనేవాడు, రిజిస్ట్రీ చేసి ఇచ్చే పనీ అప్పుడే అయిపోయేది.

దారి ఒకటే ఉందని చెప్పాను. కొట్టేసిన పేరును మళ్ళీ ఎక్కించమని హైకోర్టుకు పోవచ్చు. గెజెట్‌లో పడ్డ నాటినుంచి ఇరవై ఏళ్ళ దాకా గడువుంది. కంపెనీ షేరుదారుడు పోవచ్చు, కంపెనీ ఎవరికి బాకీ ఉందో వాళ్ళూ పోవచ్చు. నేతగాళ్ళకు బాకీ ఉందనడానికి ఆ తెల్లకాగితం తప్ప రుజువు లేదు. షేరుదారుగా ఆయన పోతేనే పని గట్టిగా అవుతుంది. కోర్టు ఒప్పుకుంటే పేరు ఎన్నడూ కొట్టేయనట్టే లెక్క. అప్పుడు కంపెనీగా తీర్మానం చేసి, ఆ నలుగురికీ రిజిస్ట్రీ చేసి ఇయ్యవచ్చు.

“ఇంకేంది? ఎయ్యి పిటిషన్” అన్నారాయన.

“పిటిషన్ల మీరు ప్రమాణం చేసి చెప్పాలె. ఎనభైల పేరు కొట్టేసేనాటికి ఆ భూమి కంపెనీదే, నేను ఏమీ లేదని రాసింది తప్పు అని.”

ఆయన మొహం ముడుచుకుపోయింది.

“నేను తప్పు రాయలే. ఆ భూమి కంపెనీది గాదు, వాళ్ళది. మన్ను దోసిట్ల పోసి ఇచ్చిన. ఇప్పుడు మాదే అని కోర్టుల చెప్పుమంటున్నవు. రేపు వాళ్ళు నా మొహాన ఉమ్ముతరు.”

“మీరు చెప్పకుంటె వాళ్ళ ఇండ్లు కూలగొడుతరు!”

“అబద్ధం ప్రమాణం చెయ్య.”

జైలు భయమా అని కూడా అనుమానించాను. కాదు. భయమే అయితే ధైర్యం చెప్పేవాణ్ణి. ఈ మొండి మంచితనానికి నా దగ్గర మందు లేదు. కోపంతో చెప్పులు తొడుక్కోవడం కూడా మరిచి గేటు దాకా నడిచాను.

వరంగల్‌లో ఒక వకీలునూ అడిగి చూశాను. ప్రైవేటు భూమిలో పన్నెండేళ్ళు ఎవరూ అడగకుండా ఉన్నామంటే ఏదో వాదించవచ్చు గానీ, వీళ్ళు చేరింది డెబ్బై ఐదులో, ఇంకా నిండలేదన్నాడు. సర్కారు భూమి అయితే ముప్ఫై ఏళ్ళట. ఎటు లెక్కవేసినా వీళ్ళు ఇవతలి గట్టునే.

ఖతీజాబీకి ఉన్నదున్నట్టు చెప్పాను. కోపం తెచ్చుకుంటుందని అనుకున్నాను. ఆమె మగ్గం మీద అంచు నేస్తూ, చేయి ఆపకుండా వింది.

“గంతేనా?” అంది చివరకు. “దొరకు అడ్డమైంది ఇచ్చిన మాటనేనా?”

“అంతే.”

మర్నాడు పొద్దున ఆమె, మొగిలయ్య నన్ను వెంటబెట్టుకుని హన్మకొండ వచ్చారు. ఆమె కొంగులో ఏదో మూట. వరండాలో కిషన్ రావు గారి ముందు నిలబడి, సలాం చేసి, మూట విప్పింది. మట్టి పెళ్ళ. మగ్గం గుంత అంచునుంచి గడ్డపారతో పెకిలించి తెచ్చింది. ఆమె భర్త మెత్తినది. తొమ్మిదేళ్ళు మోచేయి ఆనించి నేసినందుకు ఒక పక్క నున్నగా మెరుస్తోంది.

“దొరా, చెయ్యి పట్టుండ్రి.”

ఆయన తెలియకుండానే దోసిలి పట్టారు. ఆమె ఆ పెళ్ళను చిదిపి ఆయన దోసిట్లో పోసింది.

“మీరిచ్చింది మీకు ముట్టింది. నలుగురి తరఫున ఇస్తాన. ఆడిటర్ సాబ్ గవాయి, సాక్షి. ఇగ ఆ జాగ మీ కంపెనీదే. మాది గాదు. మీదని ప్రమాణం చెయ్యుండ్రి, అబద్ధం గాదు. కోర్టు అయినంక మీకు బుద్ధి పుడితే మల్ల ఇయ్యుండ్రి.”

మొగిలయ్య కూడా చెంగులోంచి ఇంత మట్టి తీసి పోశాడు. సగం నేల మీద పడింది. మొగిలయ్యకు అది కనిపించలేదు.

కిషన్ రావు గారు ఏడ్చారు. ముసలివాళ్ళు ఏడిస్తే చూడలేం. దోసిట్లో మన్ను ఉంది గనుక కళ్ళు తుడుచుకోవడానికి కూడా లేదు. ఆయన కోడలు వచ్చి తుడిచింది. చట్టం ప్రకారం ఆ వాపసుకు చిల్లిగవ్వ విలువ లేదని నాకు తెలుసు. ఎనభైనాటి సంగతి ఎనభై నాలుగులో మన్ను పోస్తే మారదు. కానీ ఆయన మనసులో ముడి విడిపోయింది, నాకు కావలసింది అదే. ఆ పూటే వకాలత్ మీద సంతకం పెట్టారు. నేను ఆ రాత్రి బండికే హైదరాబాదు పోయాను.

అక్కడ వకీలును కుదిర్చి, పిటిషన్ రాయించి, రిజిస్ట్రారు ఆఫీసులో పాత ఫైలు చూపించుకునేసరికి పది రోజులు పట్టింది. ఇంకో నాలుగు రోజుల్లో స్టే అడుగుదామన్నాడు వకీలు. నేను వరంగల్ స్టేషన్‌లో దిగి, హాయిగా చాయ్ తాగి, ఇంటికి పోకుండా ఖిలా రోడ్డు పట్టాను.

ఖతీజాబీ నన్ను చూసి సంతోషంగా ఎదురొచ్చింది.

“తహసీల్ ఆఫీసు గిర్దావర్ సాబ్ వచ్చి పోయిండు. పంచనామ చేసిండు. మేం నిజమే చెప్పినం సాబ్.”

చేతిలోని సంచీ కింద పెట్టాను. “ఏం చెప్పిండ్రు?”

“ఈ జాగ ఎవరిదని అడిగిండు. మాది గాదు, కంపెనీది, దొరకు వాపస్ ఇచ్చినం అని చెప్పినం. రాసుకొని ఏలు పెట్టుమన్నడు. పెట్టినం.”

“వేలు పెట్టకుండ్రి అని నేను చెప్పిపోలే?”

“ఇండ్లు మావి కాదన్న కాగిదానికి ఏలు పెడితే తప్పేంది? మావి అన్న కాగిదానికి గద పెట్టొద్దు!” అన్నాడు మొగిలయ్య.

నేను అరిచాను. ఆడమనిషని కూడా చూడకుండా అరిచాను. మీరేమన్నా సత్యహరిశ్చంద్రుని చుట్టాలా అని, మీకు దొరే చాలడా అని, నోటికొచ్చిందల్లా అన్నాను. ఖతీజాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“మన్ను వాపస్ ఇచ్చినంక మాదని ఎట్ల చెప్పాలె సాబ్? దొర గూడ అట్లనే అన్నడు గద. మీరు ఆయనను తిట్టలే.”

తిట్టాను, కానీ గేటు దాటాక.

సర్కారు తరఫు వకీలు హైకోర్టులో ఆ పంచనామానే చూపించాడు. ఉన్నవాళ్ళే తమది కాదంటున్నారు, కంపెనీ ఈ భూమ్మీద లేదు, మరి ఎవరికోసం స్టే? స్టే రాలేదు. పిటిషన్ మాత్రం విచారణకు తీసుకుంటామన్నారు. వానాకాలానికి ముందే నాలుగు ఇళ్ళూ పడగొట్టారు. మగ్గాలను రోడ్డు మీదికి తెచ్చి పెట్టడానికి మనుషులు లేకపోతే గిర్దావరే ఒక చేయి వేశాడు. వాడూ చెడ్డవాడు కాడు. ఈ కథలో చెడ్డవాడు ఒక్కడైనా దొరికితే నాకు కాస్త సుఖంగా ఉండేది.

గోదాము లేచింది. పిటిషన్ నత్తనడక నడిచింది. మధ్యలో మొగిలయ్య దవాఖానలో పోయాడు. మిగిలిన రెండు కుటుంబాలు వర్ధన్నపేట దిక్కు కూలికి పోయాయి. కిషన్ రావు గారు మంచం పట్టి కూడా నెలకోసారి కబురు పెట్టేవారు, ఏమయిందయ్యా అని.

ఎనభై ఏడులో తీర్పు వచ్చింది. మేమే గెలిచాం. మూసిన నాటినుంచి పంపని వార్షిక రిటర్నులూ, లెక్కలూ అన్నీ ఆలస్య రుసుముతో దాఖలు చేస్తే పేరు మళ్ళీ ఎక్కించమని కోర్టు రిజిస్ట్రారుకు చెప్పింది. భూమి సంగతి ఈ పిటిషన్‌లో తేలేది కాదు, కంపెనీ వేరే దావా వేసుకోవచ్చు అంది. సర్కారు మీద, గోదాము కట్టిన జాగా కోసం, పన్నెండేళ్ళుగా మూతపడ్డ కంపెనీ దావా. నా ఆయుష్షూ కిషన్ రావు గారి ఆయుష్షూ కలిపినా సరిపోదు.

అయినా లెక్కలు నేనే రాశాను. ప్రతి ఏడాదికీ ఒక ఆస్తి అప్పుల పట్టీ. వ్యాపారం: లేదు. ఆస్తి: కార్ఖానా వెనుక భూమి. ఇళ్ళున్నప్పుడు కాగితంలో భూమి లేదు. ఇప్పుడు ఇళ్ళు లేవు, కాగితం నిండా భూమే. కిషన్ రావు గారు మంచంలోనే ఒక్కొక్కదాని మీదా సంతకం పెట్టారు. చివరిదాని మీద పెట్టి, “వాళ్ళకు చెప్పి రా” అన్నారు. దావా మాట ఎత్తలేదు.

ఖతీజాబీ గిర్మాజీపేటలో ఒకరి ఇంటి వెనుక రేకుల కింద ఉంటోంది. మగ్గానికి జాగా లేదు. గుంత తవ్వనిచ్చే ఇల్లుగలవాళ్ళు ఎవరుంటారు? మగ్గం కర్రలు గోడకు నిలబెట్టి, వాటి మీద బట్టలు ఆరేసింది. బీడీలు చుడుతోంది. నన్ను చూసి చాట పక్కకు జరిపి, చాప వేసింది.

తీర్పు కాగితం తీసి, తెలుగులో చెప్పాను. గెలిచామనే చెప్పాను. మరోలా చెప్పడానికి నోరు రాలేదు.

“అంటే కంపెనీ మల్ల బతికిందా?”

“బతికింది. కోర్టు ఏమన్నదంటే, పేరు అసలు ఎన్నడూ కొట్టేయనట్టే లెక్కట. మధ్యల సచ్చిన దినాలు లేవు. మొదటినుంచి ఉన్నట్టే.”

ఆమె సగం చుట్టిన బీడీని చాటలో పెట్టింది. తర్వాత నావైపు చూసి, నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

“అట్లయితే సాబ్, మేం గూడ ఇంక ఆడనే ఉన్నట్టేనా?”